మూల నక్షత్రమంతా గండాంతం కాదు

పోయిన వారం సంఘం గుంపులో ఒక వధువు వివరాలు పెట్టారు. పిల్ల బాగా చదువుకుంది, ఉద్యోగంలో ఉంది, గోత్రం కుదురుతుంది. నాలుగైదు ఇళ్ళవాళ్ళు ఆసక్తి చూపారు. నక్షత్రం మూల అని తెలియగానే అందరూ నెమ్మదిగా తప్పుకున్నారు. ఒకరు మాత్రం "గండాంత జాతకం కదా, మా ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నారు" అని రాశారు. మూలలో ఏ పాదం, ఎన్ని ఘడియలు గడిచాక పుట్టింది అని ఒక్కరూ అడగలేదు.

ఆ గండాంతం అనే మాట గురించే ఈరోజు రాస్తున్నాం. మేము బడిలో చదివింది తమిళంలో, తెలుగు ఇంట్లో వచ్చింది, కాబట్టి భాషలో లోపాలుంటే సర్దుకోండి. జోస్యం మా వృత్తి కాదు. రైల్వేలో గుమాస్తాగా నిమిషాలు రాసుకుంటూ బతికినవాళ్ళం గనుక, ఎవరైనా ఒక సమయం చెబితే అది ఏ గడియారం ప్రకారం అని అడగడం అలవాటైపోయింది. గండాంతం విషయంలో ఆ ప్రశ్నే ముఖ్యం.

ముందు గండాంతం ఎక్కడ వస్తుందో చూద్దాం. ఆకాశ చక్రం 360 డిగ్రీలు. దాన్ని 12 రాశులుగా పంచితే ఒక్కొక్కటి 30 డిగ్రీలు. అదే చక్రాన్ని 27 నక్షత్రాలుగా పంచితే ఒక్కొక్కటి 13 డిగ్రీల 20 కళలు. ఈ రెండు కొలతల గీతలు మామూలుగా ఒకదానిమీద ఒకటి పడవు. చంద్రుడు మేషం దాటి వృషభంలోకి వెళ్ళేటప్పుడు రాశి మారుతుంది గానీ కృత్తిక నక్షత్రం కొనసాగుతూనే ఉంటుంది. కృత్తిక మొదటి పాదం మేషంలో, మిగతా మూడు పాదాలు వృషభంలో ఉన్నాయి. అశ్విని పోయి భరణి వచ్చేటప్పుడు నక్షత్రం మారుతుంది గానీ మేషరాశి అలాగే ఉంటుంది. అంటే ఒక చెయ్యి వదిలినా ఇంకో చెయ్యి పట్టు ఉంటుంది.

రెండు చేతులూ ఒకేసారి వదలాల్సిన చోట్లు చక్రం మొత్తంలో మూడే ఉన్నాయి. 9 నక్షత్రాలు కలిపితే 120 డిగ్రీలు, 4 రాశులు కలిపినా 120 డిగ్రీలే. కాబట్టి 120 డిగ్రీలకొకసారి రెండు గీతలూ కలుస్తాయి. కర్కాటకంలో ఆశ్లేష ముగిసి సింహంలో మఖ మొదలయ్యే చోటు ఒకటి. వృశ్చికంలో జ్యేష్ఠ ముగిసి ధనుస్సులో మూల మొదలయ్యే చోటు రెండోది. మీనంలో రేవతి ముగిసి మేషంలో అశ్విని మొదలయ్యే చోటు మూడోది. మన ఊరి జోసియులు ఆయిల్యం-మకం, కేట్టై-మూలం, రేవతి-అశ్వతి అంటారు, రెండూ ఒకటే. మూడు చోట్లా ముగిసేది జలరాశి, మొదలయ్యేది అగ్నిరాశి. నవాంశ చూసినా మూడు చోట్లా మీనాంశ ముగిసి మేషాంశ మొదలవుతుంది. దశానాథుడు కూడా మారతాడు. ముగిసే మూడు నక్షత్రాలూ బుధుడివి, మొదలయ్యే మూడూ కేతువువి. రాశి, నక్షత్రం, నవాంశ, దశ అన్నీ ఒకే క్షణంలో చేతులు మారతాయి. చంద్రుడు మనసుకు, తల్లికి, పసితనపు పోషణకు కారకుడని నమ్మే శాస్త్రం గనుక, అతనికి పట్టు దొరకని ఆ కొద్దిసేపట్లో పుట్టిన బిడ్డ సున్నితమని చెప్పింది. గండం అనే మాట మన ఇళ్ళలో రోజూ వాడేదే. జ్వరం తగ్గితే గండం గడిచిందంటాం. ఈ మాటలోని గండానికి ముడి అనే అర్థం కూడా చెబుతారు. నీరు, నిప్పు కలిసే చోట పడిన ముడి.

ఇంతవరకు ఎవరికీ తగాదా లేదు. తగాదా ఆ కొద్దిసేపు ఎంత అనే దగ్గర వస్తుంది.

పరాశరుని పేరుతో ఉన్న హోరాశాస్త్రంలో దీనికి లెక్క ఉంది. నక్షత్ర గండాంతం ముగిసే నక్షత్రం చివర 2 ఘడియలు, మొదలయ్యే నక్షత్రం మొదట 2 ఘడియలు. ఘడియ అంటే 24 నిమిషాలు. అంటే అటు 48 నిమిషాలు, ఇటు 48 నిమిషాలు, మొత్తం 96 నిమిషాలు. తిథికీ, లగ్నానికీ వేరే గండాంతాలున్నాయి. లగ్న గండాంతం అటు అర ఘడియ, ఇటు అర ఘడియ మాత్రమే, అంటే 12 నిమిషాల చొప్పున. వాటిలోకి ఇప్పుడు వెళ్ళం, మన పెళ్ళిళ్ళు ఆగుతున్నది నక్షత్రం దగ్గరే.

కొందరు జోసియులు ఘడియలు వదిలేసి పాదం లెక్క పెడతారు. ముగిసే నక్షత్రం నాలుగో పాదం, మొదలయ్యే నక్షత్రం మొదటి పాదం మొత్తం గండాంతమేనంటారు. ఒక పాదం దాటడానికి చంద్రుడికి సుమారు 6 గంటలు పడుతుంది. 48 నిమిషాలు 6 గంటలయ్యాయి. ఇక మన ఇళ్ళలో పాదం కూడా లేదు, పేరు చాలు. మూల అంటే మూల, ఆయిల్యం అంటే ఆయిల్యం. 6 గంటలు ఒక పూర్తి రోజయింది.

దీన్ని జనం లెక్కలోకి మార్చి చూడండి. చంద్రుడు చక్రమంతా తిరగడానికి సుమారు 27 రోజుల 8 గంటలు, అంటే 656 గంటలు. అందులో మూడు సంధులకు 96 నిమిషాల చొప్పున వేస్తే 4 గంటల 48 నిమిషాలు. దాదాపు 137 మంది పిల్లల్లో ఒకరు అందులో పడతారు. పాదం లెక్కయితే 108 పాదాల్లో 6, అంటే 18 మందిలో ఒకరు. ఆరు నక్షత్రాలనూ పూర్తిగా దోషమంటే 27లో 6, అంటే అయిదుగురిలో ఒకరికంటే ఎక్కువ. 137 మందిలో ఒకరికి చెప్పిన జాగ్రత్తను అయిదుగురిలో ఒకరి మెడకు కడితే అది శాస్త్రం చేసిన పని కాదు.

ఇప్పుడు ఒక జాతకం వేసి చూద్దాం. ఇది ఏ ఇంటి పిల్లదీ కాదు, లెక్క కోసం మేము కట్టుకున్నది. మన రాజపాళయంలో ఒక ఆడపిల్ల ఉదయం 10 గంటల 40 నిమిషాలకు పుట్టిందనుకోండి. ఇంట్లో తిరుక్కణిత పంచాంగం ఉంది. అందులో కేట్టై, అంటే జ్యేష్ఠ, ఆరోజు 9 గంటల 10 నిమిషాలకు ముగిసింది. కాబట్టి పిల్లది మూల మొదటి పాదం. మూల మొదలై 90 నిమిషాలయింది, అంటే 3 ఘడియల 45 విఘడియలు. పరాశర హోర చెప్పిన 2 ఘడియలు దాటిపోయాయి. పిల్లది మూల నక్షత్రమే గానీ నక్షత్ర గండాంతం కాదు.

జ్యేష్ఠా మూలల సంధికి ప్రత్యేకంగా అభుక్తమూల అనే ఇంకో లెక్క కూడా ఉంది. ముహూర్త చింతామణి ఆ ఒక్క విషయంలోనే నాలుగు మతాలు చెబుతుంది. నారదుని లెక్క 4 ఘడియలు. వసిష్ఠుని లెక్క జ్యేష్ఠ చివర 1, మూల మొదట 2. బృహస్పతి లెక్క అంతా కలిపి 1 ఘడియ. ఇంకొందరు జ్యేష్ఠ చివర 5, మూల మొదట 8 అన్నారు. మన ఉదాహరణలోని పిల్ల వసిష్ఠుని ప్రకారం బయట, బృహస్పతి ప్రకారం బయట, చివరివాళ్ళ ప్రకారం లోపల. నారదుని 4 ఘడియలను ఒక్కొక్క పక్కకు లెక్కిస్తే లోపల, రెండు పక్కలకు కలిపి లెక్కిస్తే బయట. పెద్ద రుషులకే కుదరని ఏకాభిప్రాయం మన ఇంట్లో కాఫీ తాగే లోపల కుదిరిపోతోంది!

తాతగారి ఇంట్లో వాక్య పంచాంగం ఉందనుకోండి. దక్షిణాదిలో గుళ్ళలో, పాత ఇళ్ళలో ఇంకా వాక్యమే చూస్తారు. అది పాత సూత్రాలతో చంద్రుణ్ణి లెక్కిస్తుంది, తిరుక్కణితం ఇప్పటి ఆకాశ పరిశీలనతో సరిచూసుకుంటుంది. రెండింటికీ కొన్ని రోజులు గంటలకొద్దీ తేడా వస్తుంది. మన ఉదాహరణలో వాక్యం ప్రకారం జ్యేష్ఠ 11 గంటల 30 నిమిషాల దాకా ఉందనుకుందాం. అప్పుడు అదే పిల్ల జ్యేష్ఠ నాలుగో పాదం, వృశ్చిక రాశి. నక్షత్రం ముగియడానికి ఇంకా 50 నిమిషాలు, అంటే 2 ఘడియల 5 విఘడియలు ఉంది. 5 విఘడియలు అంటే రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలతో 2 ఘడియల హద్దు బయట ఉంది. ఒక ఇంట్లో మూల, ఒక ఇంట్లో జ్యేష్ఠ. ఒక పంచాంగం చూసి మామగారికి ఆగదంటారు, ఇంకోటి చూసి బావగారికి ఆగదంటారు. పిల్ల ఒకతే.

ఆ 10 గంటల 40 నిమిషాలు ఎవరు రాశారు అనేది ఇంకో ప్రశ్న. తల బయటికి వచ్చినప్పుడా, ఏడ్చినప్పుడా, బొడ్డు కోసినప్పుడా, లేక నర్సమ్మ పని ముగించి చీటీ రాసినప్పుడా? 10.40, 10.45 లాంటి సమయాలే చీటీల్లో ఎక్కువగా ఎందుకుంటాయో ఆలోచించండి. మనుషులు అయిదుకు సర్దేస్తారు. 48 నిమిషాల హద్దుకు దూరంగా ఉన్నవాళ్ళకు దీంతో నష్టం లేదు. హద్దు దగ్గర ఉన్నవాళ్ళకు ఆ అయిదు నిమిషాలే అటూ ఇటూ చేస్తాయి.

ఘడియల్లో రాసిన పాత జాతకాల్లో ఇంకో చిక్కుంది. ఘడియలు స్థానిక సూర్యోదయం నుంచి లెక్క. రైల్వే గడియారం 82 డిగ్రీల 30 కళల రేఖాంశానిది, మన ఊరు సుమారు 77 డిగ్రీల 33 కళల దగ్గర ఉంది. ఒక్కో డిగ్రీకి 4 నిమిషాల చొప్పున మన ఊరి అసలు పొద్దు గడియారం కంటే దాదాపు 20 నిమిషాలు వెనక. వేరే ఊరి సూర్యోదయం పట్టుకుని మన ఊరి పిల్లకు ఘడియలు కట్టినవాళ్ళు దగ్గర దగ్గర ఒక ఘడియ తప్పించినట్టే. ఇంట్లో అవ్వ, తాతల జాతకాలుంటే ఇంకో మాట. 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు దాకా యుద్ధం కారణంగా దేశమంతా గడియారాన్ని ఒక గంట ముందుకు పెట్టారు. ఆ మూడేళ్ళలో పుట్టినవాళ్ళ సమయం గడియారం చూసి రాసినదైతే ఒక గంట తీసేయాలి. రెండున్నర ఘడియల తేడా అది.

సరే, పిల్ల నిజంగానే ఆ 96 నిమిషాల్లో పుట్టిందనుకుందాం. అప్పుడు శాస్త్రం ఏం చెయ్యమంది? పాత పుస్తకాలు మెత్తగా మాట్లాడవు, దాచడం ఎందుకు. అభుక్తమూలలో పుట్టిన బిడ్డను వదిలేయమని, లేదా తండ్రి 8 ఏళ్ళు ముఖం చూడవద్దని రాసిన మాట కూడా ఉంది. దాన్ని ఇప్పుడెవరూ పాటించరు, పాటించకూడదు కూడా. దాని పక్కనే శాంతి కూడా చెప్పారు. మామూలుగా 27వ రోజున, అదే నక్షత్రం తిరిగి వచ్చినప్పుడు, కలశం పెట్టి నక్షత్ర దేవతకు జపం, హోమం చేసి, తల్లికీ తండ్రికీ బిడ్డకూ అభిషేకం చేస్తారు. తండ్రి బిడ్డ ముఖాన్ని ముందు గిన్నెలోని నూనెలో నీడగా చూసి, ఆ తర్వాత నేరుగా చూస్తాడు. అంతటితో ఆ కర్మ ముగుస్తుంది. గమనించవలసింది ఏమిటంటే, చెప్పిన గండమంతా బిడ్డకు, కన్నవాళ్ళకు, అదీ పసితనంలో. పురిట్లో తల్లీబిడ్డలు ఎక్కువగా పోయే రోజుల్లో పుట్టిన భయం అది అని మా అభిప్రాయం.

దశలు నమ్మేవాళ్ళ లెక్క కూడా అదే చెబుతుంది. మన ఉదాహరణలో తిరుక్కణితం ప్రకారం పిల్లకు 7 ఏళ్ళ కేతు దశలో ఇంకా 6 ఏళ్ళ 7 నెలలు మిగిలింది. వాక్యం ప్రకారం బుధ దశ ఏడు నెలల లోపే ముగిసి, తర్వాత కేతువు 7 ఏళ్ళు. రెండిట్లో ఏది నిజమైనా ఎనిమిదేళ్ళ లోపు కేతువు వెళ్ళిపోయాడు. తర్వాత 20 ఏళ్ళు శుక్రుడు. పిల్ల మూడో క్లాసులో ఉన్నప్పుడే ముగిసిన దాన్ని 26 ఏళ్ళప్పుడు పెళ్ళి మాటల్లో తవ్వి తీస్తున్నాం.

"అయితే మామగారి దోషం పుస్తకంలో లేదా?" అని అడుగుతారు. ఉంది. ముహూర్త చింతామణిలోనే ఉంది. ఆశ్లేష అత్తగారికి, మూల మామగారికి ఆగదని అందులో రాశారు. అయితే ఆ మాట అమ్మాయికి మాత్రమే చెప్పలేదు, అబ్బాయికీ కలిపి చెప్పింది. మూలలో పుట్టిన అబ్బాయి వల్ల అతని మామగారికి, అంటే పిల్లనిచ్చిన తండ్రికి, అదే దోషం. మన ఊళ్ళో ఎంతమంది తండ్రులు మూల నక్షత్రం అల్లుడి జాతకాన్ని తిప్పి పంపారు? మాకు తెలిసినంతలో ఒక్కరూ లేరు. పైగా అదే చోట మినహాయింపు కూడా ఉంది. మూల నాలుగో పాదానికి, ఆశ్లేష మొదటి పాదానికి ఆ దోషం లేదు. సంధికి దూరంగా ఉన్న పాదాలవి. ముడి సంధి దగ్గరే, దూరం పోయేకొద్దీ వదులవుతుందని ఆ పుస్తకమే ఒప్పుకుంటోంది. మనం పుస్తకంలో సగం చదివి, ఆ సగాన్ని ఆడపిల్లల మీద వేశాం.

దీనికి తోడు తమిళంలో ఒక సామెత ఉంది, మన తెలుగు ఇళ్ళలోనూ అదే వినిపిస్తుంది. "ఆణ్ మూలం అరసాళుం, పెణ్ మూలం నిర్మూలం." మగవాడి మూల రాజ్యమేలుతుంది, ఆడదాని మూల నిర్మూలం చేస్తుందని. దీన్ని ఈమధ్య కొందరు "ఆని మూలం అరసాళుం, పిన్ మూలం నిర్మూలం" అని సరిచేస్తున్నారు. ఆని మాసంలో సూర్యుడు మిథునంలో ఉంటాడు, పున్నమి చంద్రుడు దానికెదురుగా మూల దగ్గరికి వస్తాడు, ఆ పున్నమి మూల రాజయోగం, చివరి మూల శత్రువులను నిర్మూలిస్తుంది అని వివరణ. ఆకాశం లెక్క సరిగానే ఉంది. కానీ అసలు సామెత ఇదేనని మాకు నమ్మకం కుదరలేదు, మంచి మనసుతో తర్వాత చేసిన సవరణలా ఉంది. సవరించకపోయినా నష్టం లేదు. అది శ్లోకమూ కాదు, శాస్త్రమూ కాదు. ప్రాస కుదిరింది గనుక బతికింది.

మూల అంటే భయపడే మనమే మార్గళి మాసం మూల నక్షత్రం రోజు హనుమత్ జయంతికి వడమాల పట్టుకుని వరుసలో నిలబడతాం. ఆంధ్రాలో వైశాఖంలో చేస్తారు, మనం ఈ నాడు సంప్రదాయం ప్రకారం మూల రోజు చేస్తాం. సంజీవి కొండ నీడలో ఉన్న ఊరికి హనుమంతుని నక్షత్రం దోషమైంది! పక్కనున్న శ్రీవిల్లిపుత్తూరులో ఐప్పసి మూలం అంటే మణవాళ మాముని తిరునక్షత్రం, 1370లో పుట్టిన ఆ ఆచార్యుడికి ఆరోజు విశేష పూజ. రామాయణంలో లక్ష్మణుడు ఆశ్లేషలో పుట్టాడు. ఇవి జాతకానికి రుజువులు కావు, వాళ్ళు సంధి ఘడియల్లో పుట్టారని కూడా మేము చెప్పడం లేదు. నక్షత్రం పేరు వినగానే ముఖం తిప్పుకోవడం మన పూర్వీకుల అలవాటు కాదని చెప్పడానికి మాత్రం ఇవి చాలు.

కొందరు ఇళ్ళవాళ్ళు ఈ పోరు పడలేక పిల్ల నక్షత్రాన్నే మార్చి రాయిస్తున్నారు. మూలను పూరాడం చేస్తే అడిగేవాళ్ళుండరని. వాళ్ళను తిట్టడానికి మాకు నోరు రాదు. కానీ తేదీ, సమయం ఉంటే ఈరోజు ఎవరైనా ఫోనులో రెండు నిమిషాల్లో సరిచూస్తారు, అప్పుడు మాట పోయేది పిల్లకే.

అందుకని వచ్చే నెల సంఘం సమావేశంలో వివాహ నమోదు కాగితం మార్చమని అడగబోతున్నాం. ఇప్పుడు అందులో నక్షత్రం అని ఒకే ఒక గడి ఉంది. దాని బదులు పుట్టిన తేదీ, సమయం, ఊరు, ఆ సమయం ఎక్కడినుంచి తీసుకున్నది (ఆసుపత్రి చీటీయా, ఇంట్లో రాసుకున్నదా), చూసిన పంచాంగం వాక్యమా తిరుక్కణితమా, నక్షత్రంతో పాటు పాదం, చంద్రుడు ఉన్న డిగ్రీ, కళలు ఉండాలి. ఇవే గడులు అబ్బాయి కాగితంలోనూ ఉండాలి. గండాంతమని తిప్పి పంపేవాళ్ళు ఏ లెక్క ప్రకారం, సంధికి ఎన్ని ఘడియల దూరంలో అని ఒక వరుస రాసి పంపితే చాలు. ఎవరి ఇంట్లోనైనా పాత ఓలైచువడి జాతకాలు, ఘడియల్లో రాసిన నోటు పుస్తకాలు ఉంటే సమావేశానికి తీసుకురండి. స్థానిక సమయం సరిచేసి ఇవ్వడానికి మేము కాగితం, పెన్సిలుతో ముందుగానే వచ్చి కూర్చుంటాం.